పెన్సిల్‌కీ క్యాసెట్‌కీ ఏమిటి సంబంధం?

బొమ్మలో ఉండేవి రెండే వస్తువులు. ఒక ఆడియో క్యాసెట్, దాని పక్కన ఒక ఆరు మూలల పెన్సిల్. కింద ఒక లైను: "ఈ రెండింటికీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళు చేయెత్తండి." స్మార్ట్‌ఫోన్‌కి ముందు బాల్యం మీద తిరిగే మీమ్స్ వందల్లో ఉన్నాయి. వాటిలో ఇంత తక్కువ చెప్పి ఇంత ఎక్కువ కదిలించేది బహుశా ఇదే.

కావలి దగ్గర ఏదో ఒక ఊరి హైస్కూల్లో 1994లో పదో తరగతి పాసైనవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉందనుకోండి. పొద్దున గులాబీలతో శుభోదయాలు, మధ్యాహ్నం రాజకీయాల గొడవ, మధ్యలో ఎవరో పోయారన్న కబురు. అరవై మందిలో మాట్లాడేది ఆరేడుగురే. రాత్రి పది దాటాక ఎవరో ఈ బొమ్మ పెడతారు. అంతే, ఆర్నెల్లుగా నోరు తెరవనివాడు అమెరికా నుంచి "మా నాయన టేప్ రికార్డర్‌ని ముట్టుకోనిచ్చేవాడు కాదబ్బా" అంటాడు. హైదరాబాద్ నుంచి ఒకావిడ "మా ఇంట్లో పెన్సిల్ కాదు, రెనాల్డ్స్ పెన్ను" అంటుంది. ఇంకొకడు పాత లెక్క తీస్తాడు: "మా మామ క్యాసెట్ చెడగొట్టింది నువ్వే కదరా!" పన్నెండింటి దాకా గ్రూపు నిద్రపోదు.

ఎందుకిలా? "పాత రోజులు తీపి" అనేస్తే సరిపోదు. పాతవన్నీ ఇలా కదిలించవు. పదో తరగతి మార్కుల జాబితా ఫొటో పెడితే గ్రూపు ఇంత కదలదు. ఈ బొమ్మలో ఏముందో చూడాలంటే ముందు ఆ పెన్సిల్ అసలు ఏం చేసేదో చూడాలి.

ఫిలిప్స్ కంపెనీ 1963లో ఈ క్యాసెట్‌ను బయటికి తెచ్చింది. తయారుచేసిన బృందానికి పెద్ద లూ ఒటెన్స్ అనే డచ్ ఇంజినీరు. దాని లోపల రెండు చిన్న చక్రాలు, ఒక్కో చక్రానికి లోపలి వైపు ఆరు పళ్ళు. మామూలు పెన్సిల్‌కి ఆరు మూలలు. పెన్సిల్ దూర్చి తిప్పితే దాని మూలలు ఆ పళ్ళను పట్టుకుంటాయి. కావాలని ఎవరూ అలా చేయలేదు, కొలత అలా కుదిరిపోయింది. గుండ్రటి పెన్సిల్ పెడితే జారిపోతుంది. మీమ్‌లో గుండ్రటి పెన్సిల్ కనబడితే, దాన్ని తయారుచేసినవాడు ఎప్పుడూ క్యాసెట్ తిప్పలేదని అనుమానించవచ్చు.

టేప్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది సీ-60, అంటే ఒక్కో వైపు అరగంట. ఆ అరగంటలో నడిచే టేపు సుమారు 86 మీటర్లు. చక్రం ఖాళీగా ఉన్నప్పుడు పెన్సిల్ ఒక చుట్టు తిప్పితే ఏడు సెంటీమీటర్ల టేపు చుట్టుకుంటుంది, అంటే ఒకటిన్నర సెకను పాట. నిండిన చక్రమైతే ఒక చుట్టుకు మూడు సెకన్ల పైనే. ఒక వైపు మొత్తం పెన్సిల్‌తో వెనక్కి తిప్పాలంటే దాదాపు 750 చుట్లు పడతాయి. సెకనుకు ఒకటి తిప్పినా పన్నెండు, పదమూడు నిమిషాలు. చేయి నొప్పి పుట్టి, పెన్సిల్‌కి తగిలించిన క్యాసెట్‌నే గిరగిరా తిప్పేవాళ్ళు, అది గిలకలా చప్పుడు చేసేది. కరెంటు లేనప్పుడు సెల్లులు ఆదా చేయడానికి ఇదంతా. రివైండ్ నొక్కితే మోటారు సెల్లుల్ని తాగేస్తుంది. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెట్టి ఇంకో నాలుగు పాటలు లాగిన ఇళ్ళు ఎన్నో.

అయితే పెన్సిల్ అసలు పని అది కాదు. టేపు నలిగినప్పుడే అది ఎక్కువగా బయటికొచ్చేది. టేప్ రికార్డర్‌లో ఒక సన్నటి ఇనుప కడ్డీ, దాన్ని ఒత్తుకుని ఒక రబ్బరు రోలర్ ఉంటాయి. రెండూ కలిసి టేపును ముందుకు లాగుతాయి, కుడి చక్రం దాన్ని చుట్టుకుంటుంది. ఆ చక్రాన్ని తిప్పే బెల్టు సాగిపోతే లాగిన టేపును చుట్టుకునే దిక్కు ఉండదు. దుమ్ము పట్టి, టేపు మీది పొడి అంటుకుని రోలర్ జిగురైనా టేపు దానికే చుట్టుకుంటుంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఎండకు రబ్బరు ఏ గతి పడుతుందో చెప్పనక్కర్లేదు. ముందు సూచన పాటలోనే తెలిసేది: గొంతు కాస్త ఊగుతుంది, ఆవులిస్తున్నట్టు సాగుతుంది. అప్పుడే స్టాప్ నొక్కినవాడు తెలివైనవాడు. నొక్కకపోతే మూత తెరిచేసరికి లోపల గోధుమరంగు పేగుల కుప్ప.

ఆ తర్వాతి పని ఇంటిల్లిపాదీ చేసేవాళ్ళు. ఒకరు క్యాసెట్ పట్టుకుంటే, ఇంకొకరు గోళ్ళతో మెల్లగా టేపును విడదీస్తే, చిన్నవాడు పెన్సిల్ తిప్పేవాడు. అటు తిప్పబోయి ఇటు తిప్పితే లోపలున్నది కూడా బయటికొచ్చేది. తెగితే నలిగిన ముక్క కత్తిరించి సెల్లో టేపుతో అతికించాలి. పది సెంటీమీటర్లు కత్తిరిస్తే రెండు సెకన్ల పాట పోయినట్టే. ఆ రెండు సెకన్ల చోట పల్లవి ఎగిరి చరణంలో పడేది. సెల్లో టేపు జిగురు కొన్నాళ్ళకు కరిగి హెడ్డుకి అంటుకునేది, దూదితో స్పిరిట్ పెట్టి తుడవాలి. దానికి ఇంకో గంట.

అంటే ఈ బొమ్మ చూపిస్తున్నది పాటను కాదు, పాట ఆగిపోయిన సంఘటనను. ఆ రోజు అది ఏడుపు. నాన్న చేత తన్నులు, అక్క చేత శాపనార్థాలు. ఈ రోజు అదే నవ్వు తెప్పిస్తోంది. మనస్తత్వ శాస్త్రం దీన్ని గుర్తించింది. చేదు అనుభవంలోని బాధ, తీపి అనుభవంలోని సంతోషం కంటే త్వరగా వాడిపోతుంది. జరిగినది గుర్తుంటుంది గానీ మంట ఉండదు. మిగిలినదల్లా ముగ్గురు తలలు ఒకచోట చేర్చి కూర్చున్న దృశ్యం. మీమ్ తయారుచేసేవాళ్ళకి ఈ సిద్ధాంతం తెలియకపోవచ్చు. కానీ బాగా తిరిగే మీమ్స్ అన్నీ ఇబ్బందుల మీదే ఉంటాయని గమనించారు: యాంటెన్నా తిప్పడం, ఎస్టీడీ బూత్‌లో మీటరు చూస్తూ మాట్లాడటం, సైకిల్‌కి కాలు అందక అడ్డదొక్కుడు తొక్కడం. సుఖంగా జరిగిన పనికి మీమ్ లేదు.

రెండో కారణం చేతిలో ఉంది. ఫోన్‌లో పాట ఆపడానికీ, డబ్బు పంపడానికీ, పెళ్ళి ఫొటో చూడటానికీ వేలు చేసే పని ఒకటే, అద్దం మీద తాకడం. క్యాసెట్‌కి ఒక పని, సెల్లుకి ఒక పని, రేడియో ముల్లుకి ఒక పని. పెన్సిల్ తిప్పిన కదలిక ఇంకే పనిలోనూ లేదు గనక, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వేరే ఏదీ దాని మీద పేరుకోలేదు. బొమ్మ చూసినప్పుడు చాలామందికి బొటనవేలు, చూపుడువేలు కదలాలనిపిస్తాయి.

పాటల సంగతి ఇంకా వింత. సినిమా క్యాసెట్లు కొనేవాళ్ళు కొందరే. నెల్లూరు ట్రంకు రోడ్డు లాంటి బజార్లలో రికార్డింగ్ షాపులో కాగితం మీద జాబితా రాసిచ్చి ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకోవడమే ఎక్కువమందికి తెలిసిన పద్ధతి. అరగంటకు నాలుగున్నర, ఐదు నిమిషాల పాటలు ఆరు పడతాయి. ఆరోది తరచూ పూర్తిగా పట్టదు. చరణం మధ్యలో టక్కున ఆగి, మీట పైకి లేచేది. ఇక ఆ క్యాసెట్‌ని వందసార్లు విన్నవాడికి పాటలు విడివిడిగా గుర్తుండవు, ఒక దండలా గుర్తుంటాయి. నాలుగో పాట ముగుస్తుండగానే ఐదోది తలలో మొదలైపోతుంది. ఇప్పుడు ఫోన్‌లో అదే నాలుగో పాట తర్వాత ఇంకేదో వస్తే చెవికి తప్పు జరిగినట్టు తోస్తుంది. ఆ ఆరో పాట ఇవాళ పూర్తిగా వినిపించినా, ఆగిపోయే చోటు దగ్గర ఒక క్షణం ఎదురుచూపు తప్పదు. ఆ వరస ఒక ఇంటిది, ఆ కాగితం రాసిన అన్నదో అత్తదో. ఏ యాప్‌లోనూ దొరకదు.

పైగా నలభై దాటినవాళ్ళని జీవితంలో గుర్తున్న సంగతులు చెప్పమంటే, సుమారు పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు జరిగినవే ఎక్కువగా చెబుతారని పరిశోధకులు చాలాకాలంగా చూస్తున్నారు. 1980లో పుట్టినవారికి ఆ ఇరవై ఏళ్ళలో సగానికి పైగా క్యాసెట్ కాలమే. వాళ్ళు ముప్పై ఆరో ఏట పడేసరికి, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. బాల్యం ముగిసి, తల్లిదండ్రులు పెద్దవాళ్ళై, పిల్లలు ఎదుగుతున్న వయసులో చేతికి చవక ఇంటర్నెట్ దొరికింది. ఫోన్ లేని రోజుల మీద బెంగ ఫోన్‌లోనే ఇంత పండటం వెనుక ఈ లెక్క ఉంది.

బెంగ అనే మాట ఊరికే వాడలేదు. నోస్టాల్జియా అనే పదాన్ని 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం కోసం పుట్టించాడు. గ్రీకులో ఇంటికి తిరిగి రావడం అనే మాటకూ, నొప్పి అనే మాటకూ ముడివేశాడు. అతడికి అది జబ్బు. ఊరు విడిచి వెళ్ళిన స్విస్ వాళ్ళు తిండి మాని, చిక్కి, జ్వరపడేవాళ్ళు. తెలుగువాళ్ళకి ఇది కొత్త కాదు. హాస్టల్లో వేసిన పిల్లాడికి మూడో రోజు జ్వరం వస్తే "బెంగ పెట్టుకున్నాడు" అంటాం, డాక్టరు కంటే ముందు వాళ్ళమ్మకి కబురు పెడతాం. ఆ బెంగకు బస్సెక్కితే మందు. ఇప్పటి బెంగ ఊరి మీద కాదు, ఏడాది మీద. దాని దగ్గరికి బస్సు లేదు గనక మనిషి బొమ్మ దగ్గరికి పోతున్నాడు.

ఆ బొమ్మ రాత్రి పదికే ఎందుకు పనిచేస్తుంది? సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటిన్ సెడికిడీస్, సహచరులు 2006లో ప్రచురించిన పరిశోధన దీని మీద కొంత వెలుతురు వేస్తుంది. ఇలాంటి తలపోత ఎక్కువగా మనసు బాగాలేనప్పుడు, ముఖ్యంగా ఒంటరితనం అనిపించినప్పుడు లేస్తుందని వాళ్ళు గమనించారు. ఆ జ్ఞాపకాల్లో కథానాయకుడు తానే, కానీ చుట్టూ దగ్గరివాళ్ళు ఉంటారు. తలచుకున్నాక మనుషులతో దగ్గరితనం పెరిగినట్టు అనిపిస్తుంది. అంటే జ్ఞాపకం ఒంటరితనానికి కారణం కాదు, చాలాసార్లు దానికి చేసుకునే వైద్యం. అమెరికాలో ఉన్నవాడు ఆర్నెల్ల తర్వాత నోరు తెరిచింది క్యాసెట్ కోసం కాకపోవచ్చు.

ఆటల మీమ్స్‌లోనూ ఇదే తీగ. ఏడుపెంకులాట బొమ్మ పెడితే ముందు పేరు మీద గొడవ మొదలవుతుంది. బిళ్ళంగోడు బొమ్మ పెడితే "మా ఊళ్ళో కర్రాబిళ్ళ అంటాం" అని నలుగురు దిగుతారు. నిజానికి ఆ గొడవే ఆట. కానీ అడుగున ఉన్నది లెక్కల సమస్య. ఏడుపెంకులాట ఆడాలంటే కనీసం ఆరుగురైనా ఒకే వేళకు ఒకేచోట ఉండాలి. అప్పుడు ఎవరూ ఎవరినీ పిలవలేదు, వీధిలోకి వెళ్తే ఉండేవాళ్ళు. ఇప్పుడు అదే గ్రూపు ఒక ఆదివారం కలవడానికి రెండేళ్ళుగా తేదీ వెతుకుతోంది.

ఇక ఆడిన నేల. నెల్లూరు జిల్లా మాగాణిలో పెద్ద పంట కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. వేసవి సెలవులకు పొలం ఖాళీ. వరి కొయ్యలు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నా అదే క్రికెట్ గ్రౌండు, అదే గాలిపటాల మైదానం. సోమశిల జలాశయంలో నీళ్ళు బాగా ఉండి ఎడగారుకు, అంటే వేసవిలో వేసే రెండో పంటకు, వదిలితే రైతుకు పండగ, పిల్లలకు గ్రౌండు పోయినట్టు. ఏ ఏడు ఎంత ఆడారన్నది జలాశయం మీద ఆధారపడేది. ఆ తర్వాత 1990ల మొదట్లో కోస్తా మండలాల్లో చాలా పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. గట్ల మీద కంచెలు, కాపలా వాళ్ళు. అక్కడివాళ్ళకి మీమ్ చూసినప్పుడు కలిగే బాధలో కాలంతోపాటు చోటు కూడా పోయిన బాధ ఉంది. ఊరెళ్ళినా ఆ పొలం ఉండదు. మీమ్ మాత్రం ఎక్కడిదో తెలియని పచ్చటి మైదానంలో పిల్లల్ని పరిగెత్తిస్తుంది. నెల్లూరువాడి జ్ఞాపకంలో ఆ నేల గోధుమరంగులో ఉంటుంది, కాళ్ళు గీసుకుపోయి ఉంటాయి.

ఈ మీమ్స్ అబద్ధం చెబుతాయా? అబద్ధం చెప్పవు గానీ ఏరుకుంటాయి. "సాయంత్రం ఆరు దాకా ఆడాం" అన్న వాక్యం మగపిల్లలది. ఆ గ్రూపులోని ఆడవాళ్ళలో చాలామందికి పెద్దమనిషి అయిన రోజుతో వీధి ఆట ఆగిపోయింది. తొక్కుడుబిళ్ళ గీతలు పక్కింటి చిన్నపిల్లలకు వదిలేయాల్సి వచ్చింది. వాళ్ళు కూడా ఆ బొమ్మకు హృదయం గుర్తు పెడతారు. అది ఏ ఏడాదికి పెట్టిందో మీమ్ అడగదు.

ఇంకో బొమ్మ ఉంది: చెక్క చట్రం పలక, పక్కన బలపం, బలపం తిన్న జ్ఞాపకం మీద ఒక జోకు. ఆ పలక రాయికి పేరుపడ్డ చోటు అప్పటి ప్రకాశం జిల్లా పశ్చిమాన ఉన్న మార్కాపురం. గనిలో రాయి తీసి, పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చట్రం వేసి దేశమంతా పంపారు. అదే పరిశ్రమలో పిల్లలు పనిచేశారు. 1988లో కేంద్రం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఒక పిల్లవాడు అక్షరాలు దిద్దిన పలకను, అదే వయసు ఇంకో పిల్లవాడు రాతిపొడి పీల్చుతూ నునుపు చేసి ఉండొచ్చు. ఇద్దరికీ ఇప్పుడు యాభై దగ్గర. మొదటివాడికి ఆ బొమ్మ వాసన తెస్తుంది, తడిపిన పలక వాసన. రెండోవాడికి దగ్గు గుర్తొస్తుందేమో. ఇద్దరి ఫోన్‌లకూ వచ్చేది ఒకే బొమ్మ.

రెండువేల తర్వాత పుట్టినవాళ్ళు కూడా పెన్సిల్ బొమ్మను పంచుకుంటున్నారు. దాన్ని నకిలీ అనడం తొందరపాటు. వాళ్ళు క్యాసెట్ తిప్పలేదు గానీ, తిప్పినవాళ్ళ ముఖం వెలగడం ఇంట్లో చూశారు. అసలు జ్ఞాపకాన్ని అరువు జ్ఞాపకం నుంచి వేరు చేయాలంటే ఒక ప్రశ్న చాలు: "క్యాసెట్ అంచున విరగ్గొట్టే ముక్క ఎందుకుండేది?" క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరగ్గొడితే దానిమీద మళ్ళీ రికార్డు కాదు. ఆ కన్నానికి కాగితం ముక్క అంటించి, అక్క పాటల మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించినవాడు జవాబు చెప్పకుండా ముందు నవ్వుతాడు.

ఈ బొమ్మ చూసి అటకెక్కేవాళ్ళు కొందరుంటారు. ఇరవై ఐదేళ్ళు కదలని క్యాసెట్‌ని నేరుగా మిషన్‌లో పెట్టడం ప్రమాదం. ముందు కిటికీలోంచి టేపు అంచులు చూడాలి. తెల్లటి పొడి కనబడితే బూజు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఇది మామూలే, దాన్ని ఆడించకూడదు, హెడ్డుకూ మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. కింద టేపు వెనక ఉండే చిన్న మెత్త ఊడిపోయి ఉంటే పాట గుడ్డ కప్పినట్టు వినబడుతుంది. ఇవేవీ లేకపోయినా పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. మోటారు ఒక్కసారిగా లాగితే తెగుతుంది. మొదటిసారి చేత్తో మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టాలి. ఒక్కో వైపుకు 750 చుట్లు, రెండింటికీ అరగంట. ఆ పని ఇంకా ఆరు మూలల పెన్సిలే చేస్తుంది. ఆ తర్వాత ప్లే నొక్కితే మొదటి ఐదు పాటలు వరసగా వస్తాయి, ఆరోది చరణం మధ్యలో టక్కున ఆగుతుంది.